రామకోటి పుస్తకంలో కారు పంచనామా

మా మామగారికి కారు నడపడం రాదు. కానీ నడిపేవాడిని తిట్టడం చాలా బాగా వచ్చు. వెనక సీట్లో కుడివైపు కూర్చుని, బ్రేకు ఎప్పుడు వేయాలో, హారను ఎప్పుడు కొట్టాలో, ఎదురుగా వచ్చే ఎద్దుల బండికి ఎంత దారి వదలాలో పెనుబల్లి నుంచి ఖమ్మం దాకా చెబుతూనే ఉండేవారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చి, అడవి అంచున రేగడి నేల కొని, మిరప పండించి నిలబడ్డ మనిషి. తన చేత్తో దున్నిన నేలను తప్ప దేన్నీ నమ్మేవారు కాదు. అందులోనూ డ్రైవర్లను అసలు నమ్మేవారు కాదు.

ఆ అపనమ్మకానికి కారణం లేకపోలేదు. మా దగ్గర ముందు పనిచేసిన డ్రైవరు, మమ్మల్ని పెళ్ళిలో దింపేసి, మేము భోజనాలు చేసే లోపల మా అంబాసిడర్‌లో కిరాయి మనుషుల్ని ఎక్కించుకుని రెండు ట్రిప్పులు కొట్టేవాడు. ఆ సంగతి బయటపడిన రోజు మామగారు వేసిన కేకలు ఊరికి ఆ చివర వరకూ వినిపించాయి. ఆ తరువాత వచ్చిన మనిషి గురించే నేనిప్పుడు చెప్పబోయేది.

అతను బొగ్గు గనుల వైపు మనిషి. నలభై ఏళ్ళుంటాయి. కంపెనీలో కాంట్రాక్టు మీద జీపు నడిపేవాడు. ఆ జీపులో తిరిగే ఆయన గనిలో ప్రమాదాలు చూసే అధికారి. పైకప్పు కూలినా, బొగ్గు మోసే టబ్బు పట్టాలు తప్పినా, ముందు అక్కడికి చేరేది ఆ జీపే. కాంట్రాక్టు అయిపోయాక ఎవరో చెబితే మా ఇంటికి వచ్చాడు. తక్కువ మాట్లాడేవాడు. కారు ఆపితే హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, అంతటితో ఊరుకోకుండా వెనక చక్రం కింద ఒక రాయి కూడా పెట్టేవాడు. బల్లపరుపు నేల మీద కూడా పెట్టేవాడు. "కారు ఏమన్నా పారిపోతుందా ఏంటయ్యా?" అని మామగారు ఎగతాళి చేసేవారు. అతను నవ్వేవాడు కాదు, రాయి తీసేవాడూ కాదు.

అతను వచ్చి నాలుగు నెలలయింది. ఆ నాలుగో నెలలోనే కారు మీటరు వైరు తెగి, కిలోమీటర్ల అంకెలు కదలడం మానేశాయి. కొత్త వైరు ఖమ్మంలో దొరకలేదు. మామగారి మనసులో అనుమానం మొలకెత్తడానికి ఆ మాత్రం చాలు. "మీటరు తిరక్కపోతే ఎవరికి లాభం?" అని అత్తగారితో అనడం నేను విన్నాను. నేనప్పటికి ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే కొత్త కోడలు గోడకు చేరగిలబడి వినాలి, అంతే. నాకు నోరు లేదని కాదు. ఉన్న నోరు తెరిచే సందర్భం రాలేదు.

ఆ సంవత్సరం కార్తీకంలో పర్ణశాల వెళ్ళాం. మామగారు, అత్తగారు, నేను, డ్రైవరు. మా వారికి పత్తి ఏరే పని పడి రాలేదు. గోదావరిలో స్నానం, దర్శనం, సత్రంలో భోజనం, సాయంత్రానికి భద్రాచలం. ఇదీ అత్తగారు వేసిన పథకం. ఆమె ఒళ్ళో ఒక మందపాటి నోటు పుస్తకం. మూడేళ్ళ నుంచి అలాంటి పుస్తకాలు ఎన్నింటినో నింపుతూ రామకోటి రాస్తోంది. పేజీకి ఇన్ని గడులు, గడికో "శ్రీరామ". కారు గతుకుల్లో ఊగుతున్నా రాస్తూనే ఉంది. ఆ కుదుపులకు కొన్ని శ్రీరామలు ఎద్దు కొమ్ముల్లా వంకర తిరిగాయి. "దేవుడికి నా అక్షరాలు తెలుసులే" అంది.

కారును గుడికి ఇవతల, రోడ్డు పక్కన కాస్త ఎత్తుగా ఉన్న ఇసుక నేల మీద ఆపాడు. కొంచెం ముందుకు వెళితే కుడివైపు ఒక దారి చీలుతుంది. ఎడమ పక్కన కొబ్బరి బొండాలు అమ్మే ఒకామె, ఆమెకు తాటాకు పందిరి. మామూలుగా బ్రేకు, గేరు, రాయి. తలుపులు నాలుగూ లాగి చూసి తాళం వేశాడు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి, ఆమె సంచీ, ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని రేవు దాకా నడిపించే పని అతనికే పడింది.

స్నానాలయ్యాయి, దర్శనమయింది. సత్రంలో విస్తళ్ళు పరిచే వేళకు అకస్మాత్తుగా వాన మొదలైంది. కార్తీకంలో వాన ఏమిటని అందరూ ఆకాశాన్ని తిట్టుకున్నారు. అరగంట దంచికొట్టి, ఏమీ ఎరగనట్టు వెలిసిపోయింది. భోజనాలయ్యాక అత్తగారు అరుగు మీద కునుకు తీసింది. మామగారు ఎవరో సత్తుపల్లి వైపు రైతు కలిస్తే మిరప ధర మాట్లాడుకుంటూ ఉండిపోయారు. డ్రైవరు అరుగు చివర సంచీ పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడనే నేను అనుకుంటున్నాను. నిజం చెప్పాలంటే నేనూ అతని వైపే చూస్తూ కూర్చోలేదు.

ఒంటిగంట దాటాక అందరం కలిసి కారు దగ్గరకు వచ్చాం. ముందు మామగారు, వెనక మేము. ఆయన టక్కున ఆగిపోయారు.

కారు వెనక అద్దం లేదు. ఉన్న చోట నల్ల రబ్బరు మాత్రం వేలాడుతోంది. కుడి వెనక మూల పైకప్పు అంచు లోపలికి నొక్కుకుపోయింది. ఎర్ర లైటు వైరుకు వేలాడుతోంది. తెల్లకారు మీద చేతి వెడల్పున నాలుగు గీతలు, ఎవరో పెద్ద గోళ్ళతో బరికినట్టు.

మామగారు కారును చూడలేదు. నేరుగా డ్రైవరు మొహం చూశారు.

"ఎక్కడికి తీసుకెళ్ళావ్?"

"యాడికి తీస్కపోలే అయ్యా."

"మేము తింటుంటే కిరాయి కొట్టావ్. ఎక్కడో గుద్దావ్. తెచ్చి మళ్ళీ ఇక్కడ పెట్టావ్. మీటరెందుకు తెగిందో ఇప్పుడర్థమైంది నాకు. తాళాలిలా ఇవ్వు."

అతను జేబులోంచి తాళాలు తీసి ఇచ్చాడు. అతనికి కొత్తగూడెంలో ఇద్దరు ఆడపిల్లలు, చూపు సరిగా ఆనని తల్లి ఉన్నారని నాకు తెలుసు. యజమాని కారును దొంగచాటుగా కిరాయికి తిప్పి గుద్దాడన్న పేరు పడితే, ఈ చుట్టుపక్కల ఎవరూ అతనికి స్టీరింగు ఇవ్వరు. ఇక్కడ కబురు బస్సు కన్నా ముందు చేరుతుంది.

బొండాలావిడ పందిరి కింది నుంచి అరిచింది. "వెదురు లారీ అయ్యా! వాన ఎలిసినంక పోయింది. పెళపెళ అన్నది. నేను తిరిగి చూసేసరికి తోక కనబడ్డది, అంతే."

"నంబరు చూశావా?"

"నాకు సదువొస్తే బొండాలెందుకు కొడత?"

"చూశావా మరి? ఇలాంటి సాక్ష్యాలు రెండు బొండాలు కొంటే వస్తాయి" అన్నారు మామగారు. ఆ మాటకు నాకు సిగ్గేసింది. ఆ మనిషి పాపం మా దగ్గర బొండం కూడా అమ్ముకోలేదు.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు తన వంతు పని మొదలుపెట్టింది. అద్దం పగిలితే ఆమెకు అపశకునం. బండికి దెబ్బ తగిలితే దిష్టి. రెండూ కలిసి వస్తే ఇక చెప్పేదేముంది? ఆమె కొంగులో ఎప్పుడూ పసుపు పొట్లం ఉంటుంది. గోదావరి నీళ్ళ డబ్బాలో పసుపు కలిపింది. బొండాలావిడ చీపురు అడిగి తీసుకుంది. గాజు ముక్కలు ఊడ్చేసి, కారు చుట్టూ మూడుసార్లు నీళ్ళు తిప్పిపోస్తే గానీ అందులో కాలు పెట్టనంది. గాజు మీద రెండుసార్లు చీపురు వేసి, ముందు వైపు కుడి చక్రం దగ్గర నీళ్ళు పోసింది కూడా.

"అమ్మా, ఆగుండ్రి!"

నాలుగు నెలల్లో అతను గొంతు పెంచడం అదే మొదటిసారి. పరుగెత్తి వచ్చి ఆమె ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

"అమ్మా, మీ కాళ్ళు మొక్కుత. గా నీళ్ళు గీ బండి కిందికి పోతే నా నౌకరి పోయినట్టే. గాజు పెంకులు గూడ ముట్టకుండ్రి. యాడియి గాడ ఉండాలె."

అత్తగారు డబ్బా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "దిష్టి తియ్యొద్దంటావేంటి నాయనా?"

"తియ్యుండ్రి. పోలీసాయన చూసినంక తియ్యుండ్రి."

"పోలీసా?" అన్నారు మామగారు. "ముందు బండి తియ్. ఇంటికెళదాం. అక్కడ తేలుద్దాం."

"బండి కదిలియ్య అయ్యా." అదే మాట, మెల్లగా. "గనిల ఏదన్న అయితే ఇన్స్‌పెక్టరొచ్చి చూసేదాక ఒక్క బొగ్గు పెళ్ళ గూడ జరపొద్దు. చచ్చినోడు చెప్పలేడు, గా జాగ చెప్తదని మా సారు అంటుండె. గీడ గూడ జాగనే చెప్పాలె. మీరు నన్ను తియ్యాలనుకుంటే తియ్యుండ్రి. బండి మాత్రం గంటసేపు తియ్యకుండ్రి."

మా ఇంట్లో మామగారి మాటకు ఎదురు చెప్పినవాళ్ళను నేను అంతవరకు చూడలేదు. మామగారు కూడా చూడలేదనుకుంటాను. ఏం చేయాలో తెలియక తాళాలు గలగలలాడించారు.

అతను మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి కారు కిందికి చూశాడు. తరువాత నన్ను పిలిచాడు. "చిన్నమ్మా, మీకు సదువొచ్చు. ఒక్కసారి గీడ వంగి చూడుండ్రి. నేను చెప్తే నమ్మరు. మీరు చూడుండ్రి."

కొత్త కోడలు నడిరోడ్డు మీద వంగి కారు కింద చూడడమా? అత్తగారి వైపు చూశాను. ఆమె తల ఊపింది. కొంగు బిగించి వంగాను. కారు కింద ఇసుక పొడిగా ఉంది! చుట్టూ వాన చినుకుల గుంటలతో తడి. కారు నీడ కొలిచినట్టు మధ్యలో పొడి. చక్రం కింద రాయి అలాగే ఉంది. అతను రాయిని కదపకుండా దాని లోపలి వైపు వేలితో చూపాడు. అక్కడా పొడే.

"అంటే వాన రాకముందు నుంచి కారు ఇక్కడే ఉంది" అన్నాను.

"అవ్. ఇగ గాజు చూడుండ్రి."

గాజు ముక్కలు తడి ఇసుక మీద పడి ఉన్నాయి. వాటి మీద ఒక్క చుక్క నీరు లేదు, ఇసుక చింది పడలేదు. అన్నీ ఒకే చోట, విరిగిన కిటికీ కిందనే. అంటే వాన వెలిశాక పగిలాయి. కారు వాన ముందు నుంచీ కదల్లేదు, దెబ్బ వాన తరువాత తగిలింది. చీలిన దారిలోకి జంట చక్రాల లారీ ముద్రలు కుడివైపు తిరిగి ఉన్నాయి. లారీ కుడికి తిరిగేటప్పుడు వెనక పొడుగ్గా పొడుచుకొచ్చిన వెదురు కట్టలు ఎడమకు ఊగుతాయి. ఆ గీతలు అందుకే అంత ఎత్తులో ఉన్నాయి. కారును కారు గుద్దినా, చెట్టును గుద్దినా దెబ్బ బంపరుకు తగలాలి. బంపరుకు గీత కూడా లేదు.

డిగ్రీ చదివిన నాకు కనిపించని సంగతి, సంతకం మాత్రమే వచ్చిన మనిషికి నేల మీద అచ్చు వేసినట్టు కనిపించింది.

"మామయ్య గారూ, మీరూ ఒక్కసారి చూడండి" అన్నాను. ఆ ఇంట్లో ఎవరూ అడక్కుండా నేను అన్న మొదటి మాట అదే కావచ్చు.

"నేను వంగను" అన్నారాయన. నడుం నొప్పి అన్నట్టు చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు గానీ, అది నడుం నొప్పి కాదని అందరికీ తెలుసు.

"రాసుకోవాలె చిన్నమ్మా. ఎండ కొడ్తే తడి ఆరిపోతది" అన్నాడు అతను.

కాగితం లేదు. పెన్ను ఒకటే, అత్తగారి రామకోటి పెన్ను. ఇద్దరం ఆమె ఒళ్ళోని పుస్తకం వైపు చూశాం. ఆమె దాన్ని రొమ్ముకు హత్తుకుంది. "రాముడి పుస్తకంలో లారీల గోలా!" అంది. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు ఒకసారి తను నీళ్ళు పోసిన చోటు చూసింది, ఒకసారి అతన్ని చూసింది. చివరి పేజీలు తెరిచి నా చేతిలో పెట్టింది. "గళ్ళల్లో రాయకే తల్లీ, పక్కన రాయి."

అతను చెబుతూ పోయాడు, నేను రాస్తూ పోయాను. కారు ఏ పక్క చూస్తోంది, రోడ్డు అంచుకు ఎంత దూరంలో ఉంది. అడుగులో అడుగు వేసి కొలిస్తే ఏడడుగులు వచ్చింది. ఎన్నింటికి ఆపాం, వాన ఎప్పుడు మొదలై ఎప్పుడు వెలిసింది, మేము ఎప్పుడు వచ్చి చూశాం. దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయి, నేల నుంచి ఎన్ని జానల ఎత్తు. రబ్బరులో ఇరుక్కున్న వెదురు పేడు. అది తీయలేదు, ఉందని మాత్రమే రాశాం. బొండాలావిడ ఏం చూసింది, ఏం చూడలేదు. కారు బొమ్మ, దారి బొమ్మ గీయించాడు. అంతా అయ్యాక అన్నాడు:

"అమ్మ ముందు చక్రం కాడ నీళ్ళు పోసింది, గాజు మీద రెండుసార్లు చీపురేసింది అని గూడ రాయుండ్రి."

"అదెందుకు? మనకే మైనస్సు కదా?" అన్నాను.

"అయింది రాయాలె గద చిన్నమ్మా. మనకు ఇష్టమైంది రాస్తే అది పంచనామా కాదు, పాట."

ఆ మాట మామగారు కూడా విన్నారు. తల తిప్పుకున్నారు.

గుడి దగ్గర భక్తులకు ఫోటోలు తీసే ఒకాయన ఉన్నాడు. డ్రైవరు వెళ్ళి అతన్ని పిలుచుకొచ్చాడు. రీలులో నాలుగే మిగిలాయట. ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ మమ్మల్ని కారు ముందు వరసగా నిలబెట్టాడు. "కొంచెం నవ్వండమ్మా" అన్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే అత్తగారు కొంగు సర్దుకుని, నిజంగా నవ్వింది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. సొట్టపడ్డ కారు ముందు పెళ్ళివారిలా మేము, వెనక ఉరిమి చూస్తూ మామగారు. మిగిలిన మూడూ డ్రైవరు చెప్పినట్టు తీయించాం. దూరం నుంచి దారి, కారు కలిపి ఒకటి, దెబ్బ ఒకటి, కారు కింద పొడి నేల ఒకటి. "నేలను ఫోటో తీయించుకునేవాళ్ళను మిమ్మల్నే చూశా" అన్నాడు ఫోటోగ్రాఫరు.

చివరికి, అక్కడ ఉన్నవాళ్ళందరూ రాసినదాని కింద సంతకం పెట్టాలన్నాడు డ్రైవరు. నేను పెట్టాను. అత్తగారు పెట్టింది, అలవాటుగా ముందు శ్రీరామ రాసి. బొండాలావిడ వేలిముద్ర వేసింది. అతను తన పేరు బొమ్మ గీసినట్టు గీశాడు. మామగారు మాత్రం, "నేను చూడలేదు. చూడనిదానికి నేను సంతకం పెట్టను" అన్నారు.

"అయితే అయ్యకు జాగ వదలుండ్రి చిన్నమ్మా" అన్నాడు అతను. నేను రెండు గీతల మేర ఖాళీ వదిలాను.

ఠాణాకు కబురు పంపితే హెడ్ కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. మాకు దొరికిన మనిషి మంచివాడు. టోపీ తీసి, వంగి, కారు కింద చెయ్యి పెట్టి చూశాడు. "వాహ్, నేల మస్తుగ చెప్తున్నది" అన్నాడు. ఇద్దరు ఊరివాళ్ళను పంచులుగా, అంటే సాక్షులుగా పెట్టి తన కాగితం మీద తాను రాసుకున్నాడు. మా పుస్తకం చూసి కాసేపు నవ్వుకున్నాడు గానీ, కొలతలు అందులోంచే ఎత్తుకున్నాడు.

లారీ నంబరు ఎట్లా అని నేను అడిగితే, డ్రైవరే చెప్పాడు. "వెదురు అడవి దాటాలంటే చెక్‌పోస్టుల పర్మిటు చూపియ్యాలె గద. బుక్కుల నంబరు, టైము ఎక్కుతది. మనం అడిగితే చూపియ్యరు. సారు అడిగితే చూపిస్తరు." హెడ్ కానిస్టేబులు అతన్ని తేరిపారా చూశాడు. "నువ్వు మా డిపార్ట్‌మెంటులుండాల్సినోనివి" అన్నాడు.

ఇక కారు కదపవచ్చని చెప్పాడు. మామగారి చేతిలో తాళాలున్నాయి గానీ, ఆయనకు నడపడం రాదు కదా! కాసేపు ఆకాశం చూసి, నేల చూసి, తాళాలు బానెట్ మీద పెట్టారు. చేతికి ఇవ్వలేదు. అతను తీసుకుని, అప్పుడు అత్తగారి వైపు తిరిగి అన్నాడు, "అమ్మా, ఇప్పుడు దిష్టి తియ్యుండ్రి."

దారిలో ఠాణాలో ఆగి ఫిర్యాదు ఇచ్చాం. డైరీలో ఎక్కించారు, నకలుకు దరఖాస్తు పెట్టుకున్నాం. అక్కడి నుంచి హెడ్ కానిస్టేబులు మాతో పాటే చెక్‌పోస్టు దాకా వచ్చాడు. ఆ రోజు వాన వల్ల ఆ దారిన దాటిన వెదురు లారీలు రెండే. ఒకటి పొద్దున, వాన రాకముందు పోయింది. రెండోది వాన వెలిశాక దాటి, ముందున్న టీ కొట్టు దగ్గర ఆగి ఉంది. వెదురు కొసల్లో మా కారు అద్దం తునకలు తళతళలాడుతున్నాయి. వెనక కట్టాల్సిన ఎర్ర గుడ్డ లేదు.

లారీ డ్రైవరు తల పట్టుకున్నాడు. "దేవుని తోడు, నాకు తెల్వనే తెల్వదు సారూ. వెనక ఎక్కడో అయింది, ఇంజను చప్పుడుల ఇనబడలే." అబద్ధం కాదనిపించింది. మా డ్రైవరు అతన్ని ఒక్క మాట అనలేదు. లారీ నంబరు, అతని లైసెన్సు వివరం, ఇన్సూరెన్సు కాగితం మీది వివరం నాతో రాయించి, తన భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి ఆ వెదురు కొసకు కట్టాడు. "పిల్లగాండ్లు సైకిళ్ళ మీద తిరుగుతరన్నా. గది కారు కాబట్టి సరిపోయింది" అన్నాడు. మామగారు కారులోంచి ఇదంతా చూస్తున్నారు. మళ్ళీ బయలుదేరాక, అద్దం లేని వెనక కిటికీలోంచి గాలి మా నలుగురి మీదా ఒకేలా కొట్టింది. ఆ రోజు భద్రాచలం దాకా ఆయన బ్రేకు వేయమని గానీ, హారను కొట్టమని గానీ చెప్పలేదు.

అప్పటికైనా ఒక మాట అంటారేమో అనుకున్నాను. అనలేదు. కొందరికి తప్పు అర్థమవడానికి ఒక రోజు చాలు, ఒప్పుకోవడానికి ఒక పంటకాలం కావాలి.

మర్నాడు ఖమ్మంలో ఇన్సూరెన్సు ఆఫీసుకు కాగితం రాసి ఇచ్చాం. మాది ఫుల్ ఇన్సూరెన్సు. క్లెయిమ్ ఫారం, కారు పత్రాలు, అతని లైసెన్సు, ఫిర్యాదు నకలు, గ్యారేజీ వాళ్ళ ఎస్టిమేటు అడిగారు, నష్టం కొలవడానికి సర్వేయరును పంపిస్తామన్నారు. గ్యారేజీ మేస్త్రీకి చేతులు ఊరుకోవు కదా, సుత్తి పట్టుకుని వచ్చాడు. "సర్వేయరు చూడక ముందు సుత్తి తగిల్తే, నీ దెబ్బేదో లారీ దెబ్బేదో ఎవరు చెప్తరన్నా?" అని మా డ్రైవరు కారు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రెండు రోజులు అలాగే కూర్చున్నాడు.

మూడో రోజు సర్వేయరు వచ్చాడు. సన్నగా, గొడుగు పట్టుకుని, టేపుతో. చుట్టూ తిరిగి, కొలిచి, నోట్లో ఏదో గొణుక్కుని, మామగారిని సూటిగా అడిగాడు.

"ఇది ప్రైవేటు కారు. కిరాయికి తిప్పుతున్నారా? ఆ సమయంలో కిరాయి మీద ఉంటే క్లెయిమ్ రాదు. తెలుసుగా?"

డ్రైవరు నేల చూస్తున్నాడు. పర్ణశాలలో మామగారు అరిచిన మాట అదే కదా. ఇప్పుడు ఆయన ఏమంటారు? అనుమానముందంటే ఒక మనిషి బతుకు పోతుంది.

మామగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, ఆ పుస్తకం ఆయనకివ్వు" అన్నారు నాతో.

సర్వేయరు శ్రీరామల మధ్య నుంచి ఆ మూడు పేజీలు చదివాడు, ఫోటోలతో పోల్చాడు. నీళ్ళు పోసిన సంగతి దగ్గర ఆగి, వేలు పెట్టి మళ్ళీ చదివాడు.

"ఎవరు రాయించారిది?"

మామగారు డ్రైవరు వైపు చూపించారు.

"ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా. తమ తప్పు తామే రాసుకున్న స్టేట్‌మెంటు మొదటిసారి చూస్తున్నా" అన్నాడు సర్వేయరు. "ఇది రాసినవాళ్ళు మిగతాది అబద్ధం రాయరు. నిలబెట్టిన బండి. సందేహం లేదు."

పని మొదలుపెట్టుకోమన్నాడు. కారు బాగై బయటికి రావడానికి మూడు వారాలు పట్టింది. సర్వేయరు మళ్ళీ వచ్చి, మార్చిన సామాను, పాత సామాను చూసి, బిల్లులు తీసుకుని వెళ్ళాడు. క్లెయిమ్ మంజూరైంది. కారు ఇంటికొచ్చాక అతను మామూలుగా రోజూ వచ్చి, పనయ్యాక తాళాలు మామగారి ముందు పెట్టి వెళుతూనే ఉన్నాడు. నౌకరి ఉందో పోయిందో ఎవరూ అతనికి చెప్పలేదు. అతనూ అడగలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నేల కూడా చెప్పిన నిజం మనిషి చెప్పడానికి ఇంత ఆలస్యమా?

ముక్కోటికి అత్తగారు రామకోటి పుస్తకాలు భద్రాచలం గుడిలో సమర్పించాలి. ఆ పుస్తకం చివరి పేజీలు చింపేయమంటారా అని నేనడిగాను. "చింపకు. ఉండనీ. ఆయనకూ తెలియాలిగా" అంది. దేవుడి గురించి అందో, మామగారి గురించి అందో నాకు తెలియదు.

బయలుదేరే ముందు రోజు పొద్దున మామగారు అరుగు మీద కూర్చుని, "ఆ పుస్తకం తే" అన్నారు. డ్రైవరు వాకిట్లో కారు తుడుస్తున్నాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మూడు పేజీలు మొదటి నుంచి చదివారు. చదివి, నేను వదిలిన ఖాళీలో పెద్ద అక్షరాలతో సంతకం పెట్టారు. కింద తేదీ వేశారు. చూశాను, కార్తీకంలో మేము పర్ణశాల వెళ్ళిన నాటి తేదీ. ఆ రోజే పెట్టినట్టు.

"ఏమయ్యా, ఇటురా" అని పిలిచారు. "చూడు. పెట్టాను."

అతను చేతులు తుడుచుకుని వచ్చి చూశాడు. అంకెలు అతనికి బాగానే వచ్చు. కళ్ళు చెమర్చాయి. తరువాత మెల్లగా అన్నాడు:

"అయ్యా, ఇయ్యాల్టి తారీఖు ఎయ్యుండ్రి. ఆ రోజు మీరు పెట్టలే గద."

మామగారు అతన్ని చాలాసేపు చూశారు. ఆయన మొహం ఎర్రబడింది, ఆ తరువాత చల్లబడింది. ఆ తేదీ కొట్టేసి, పక్కన నిజంగా సంతకం పెట్టిన రోజు తేదీ వేసి, కొట్టివేత దగ్గర మళ్ళీ చిన్న సంతకం పెట్టారు. ఎవరూ చెప్పకుండానే పెట్టారు. పుస్తకం నాకిచ్చి, మొలలోని కారు తాళాలు తీసి, ఈసారి అతని చేతిలో పెట్టారు.

"సాయంత్రం కారు మీ ఇంటికి తీసుకెళ్ళు. మీ అమ్మను కూడా ఎక్కించుకు రా. ముక్కోటి దర్శనం చేయిద్దాం" అన్నారు.

అతను కారు దగ్గరకు వెళ్ళి, వెనక చక్రం కింది రాయి తీశాడు.